ఒక్క పైపుల లోడు, నాలుగు ఫొటోలు

(ఫోన్-ఇన్ కార్యక్రమంలో కొంత భాగం. సలహాదారు నల్లగొండలో చిన్న దుకాణాల లెక్కలు చూసే అకౌంటెంట్.)

వ్యాఖ్యాత: లైన్‌లో ఎవరండీ? ఎక్కడి నుంచి?

శ్రోత: నమస్తే అన్నా, దేవరకొండ నుంచి. మా మామయ్యది బోరు పైపులు, మోటర్ల దుకాణం. లెక్కలు రాసేటాయన మానేసిండు, ఇగ నన్ను చూడమన్నరు. జూన్ నెల కాగితాలన్నీ మామయ్య ఫొటోలు తీసి వాట్సాప్‌ల పంపిండ్రు. నూట నలభై ఉన్నయి సార్. ఏది ఇన్‌వాయిసో, ఏది రసీదో నాకు తెలుస్తలేదు.

సలహాదారు: ఇప్పటిదాక ఏం చేసినవమ్మా?

శ్రోత: ప్రతి ఫొటోల కింద ఉన్న మొత్తాన్ని నోట్‌బుక్కుల రాసి కూడిన. హైదరాబాద్ పైపుల డీలర్‌కు సంబంధించినవే నాలుగు ఫొటోలు కలిపితే 60,200 ఖర్చు వచ్చింది. మామయ్య చూసి, "గన్ని పైపులు నేనెప్పుడు తెచ్చిన?" అంటుండ్రు.

సలహాదారు: (నవ్వుతూ) మామయ్య అడిగిందే సరైన ప్రశ్న. ఆ నాలుగూ ముంగట ఉన్నయా? ఒక్కొక్కటి చదువు, తొందర లేదు.

శ్రోత: మొదటిది జూన్ 12ది. పైన డీలర్ పేరు, జీఎస్‌టీ నంబరు. ట్యాక్స్ ఇన్‌వాయిస్ అని ఉంది, నంబరు 0417. పైపుల సైజు, ఎన్ని, రేటు ఎంత, అన్నీ ఉన్నయి. సరుకు 20,000, సీజీఎస్‌టీ 1,800, ఎస్‌జీఎస్‌టీ 1,800. మొత్తం 23,600.

సలహాదారు: ఇది ఇన్‌వాయిస్. మనోళ్లు బిల్లు అంటరు. సరుకు ఇచ్చిన, నువ్వు నాకు ఇంత బాకీ అని అమ్మినాయన రాసిచ్చే కాగితం. పైసలు ఇచ్చినవా లేదా అన్నది దీనికి సంబంధం లేదు. సరుకు పేరు, ఎంత, రేటు, పన్ను విడిగా ఉంటే అది బిల్లే. రెండోది?

శ్రోత: చిన్న చీటీ సార్. దీని మీద గూడ డీలర్ పేరే. జూన్ 16. మా దుకాణం పేరు రాసి, 10,000 నగదు ముట్టినది అని ఉంది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం.

సలహాదారు: అది రసీదు. అందుల పైపుల ముచ్చట ఉందా?

శ్రోత: లేదు.

సలహాదారు: ఉండదు. రసీదు పైసలు తీసుకున్నోడు ఇచ్చేది. బిల్లు బాకీని పెంచుతది, రసీదు తగ్గిస్తది. నువ్వు రెండూ కూడినవ్. అంటే బాకీ పడ్డందుకు ఒకసారి, బాకీ కట్టినందుకు ఒకసారి ఖర్చు రాసినట్టు.

శ్రోత: అయ్యో!

సలహాదారు: మూడోది?

శ్రోత: పెద్ద కాగితం. జూన్ 1 నుంచి 30 వరకు అని ఉంది. ఓపెనింగ్ బ్యాలెన్స్ 12,400. తర్వాత 0417 బిల్లు 23,600. తర్వాత 10,000 రసీదు. కింద క్లోజింగ్ 26,000. ఆ 26,000 నేను రాసుకున్న.

సలహాదారు: అది స్టేట్‌మెంట్. మిగతా వాటి మీద ఒక్క తేదీ ఉంటది, దీని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని రెండు ఉంటయి. దాన్ని బట్టే గుర్తుపట్టు. డీలర్ తన ఖాతా పుస్తకంల మీ పేజీ చించి పంపినట్టు అనుకో. పాత బాకీ 12,400కు 23,600 కలిపి, 10,000 తీస్తే 26,000. అందులో కొత్త సంగతి ఒక్కటి గూడ లేదు, బిల్లూ రసీదూ ముందే నీ దగ్గర ఉన్నయి. స్టేట్‌మెంట్ నుంచి ఒక్క పైస గూడ ఖర్చు రాయొద్దు. కానీ పారేయకు, దానితో పని ఉంది. నాలుగోది 600ది, అంతేనా?

శ్రోత: మీకెట్ల తెలుసు సార్?

సలహాదారు: నువ్వు చెప్పిన 60,200ల నుంచి మూడూ తీసేస్తే అంతే మిగులుతది గదమ్మా.

శ్రోత: అవును. చేతిరాతది. డీసీఎం నుంచి పైపులు దింపిన హమాలీలకు 600 అని రాసి, కింద వేలిముద్ర ఉంది. ఇది గూడ రసీదే గదా, తీసుకున్నాయన ముద్ర వేసిండు?

సలహాదారు: ఇక్కడనే చాలామంది తప్పుతరు. హమాలీ బిల్లు పుస్తకం పట్టుకొని తిరగడు గదా. అందుకని ఇచ్చేటోళ్లే, అంటే మామయ్యే, మన పుస్తకంల రాసి ఆయనతోని ముద్ర వేయించుకున్నరు. అది వోచర్. రసీదు మీద, వోచర్ మీద రెండింటి కింద తీసుకున్నోడి సంతకమే ఉంటది, కాబట్టి సంతకం చూసి తేల్చలేవు. పుస్తకం ఎవరిదో చూడు. ఎదుటోడి పుస్తకం అయితే రసీదు, మన పుస్తకం అయితే వోచర్.

శ్రోత: ఈ పుస్తకం మీద ఏ పేరూ లేదు సార్. స్టేషనరీ షాపుల కొన్నది.

సలహాదారు: అప్పుడు వాక్యం చూడు. ఫలానా వారి నుంచి ముట్టినది అంటే రసీదు. ఫలానా వారికి ఇచ్చినది అంటే వోచర్.

వ్యాఖ్యాత: మరి ఈ నాలుగు ఫొటోల అసలు లెక్క ఎంత సార్?

సలహాదారు: సరుకు ఖరీదు 20,000, హమాలీ 600. 3,600 పన్ను విడిగా రాయాలె. ఆ డీలర్ బిల్లు జీఎస్‌టీ పోర్టల్‌లో మీ జీఎస్‌టీఆర్-2బీల, అంటే అమ్మినోళ్లు మీ పేరు మీద చూపిన బిల్లుల జాబితాల కనబడితే, అమ్మకం మీద కట్టే పన్నులో తగ్గించుకోవచ్చు. అది ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఉంటేనే. రసీదు చూపించో, స్టేట్‌మెంట్ చూపించో ఆ 3,600 అడగలేరు. ఇగ గల్లా నుంచి పోయింది 10,000, 600 కలిపి 10,600. డీలర్‌కు ఇంకా ఉన్న బాకీ 26,000. చూసినవా, 60,200 అన్న అంకె ఎక్కడా లేదు.

శ్రోత: సార్, ఇంకో డౌట్. మా ట్యాలీల బిల్లు ఎక్కించినా వోచర్ అనే వస్తుంది. అందుకనే నాకు అన్నీ వోచర్లే అనిపించినయి.

సలహాదారు: మంచిగ అడిగినవ్. ట్యాలీ తన లోపల రాసుకునే ప్రతి పద్దునూ వోచర్ అంటది. కొనుగోలు బిల్లు F9ల, చెల్లింపు F5ల, మనకు వచ్చిన పైసలు F6ల. అది సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న పేరు. ఇంకో తిరకాసు గూడ ఉంది. డీలర్ మీకు 10,000కు రసీదు ఇచ్చిండు చూడు, అది నీ ట్యాలీల F6 రిసీట్ కాదు. మనం ఇచ్చినం కాబట్టి F5 పేమెంట్. కాగితం పేరు ఇచ్చినోడి వైపు నుంచి ఉంటది, నీ పద్దు నీ వైపు నుంచి ఉండాలె.

శ్రోత: ఓహో... మరి మిగిలిన నూట ముప్పై ఆరు ఫొటోలు ఎక్కడ మొదలుపెట్టాలె?

సలహాదారు: మొత్తాల జోలికి ఇప్పుడే పోకు. మొదటి విడత పై పేరు ఒక్కటే చూడు. పైన మీ దుకాణం పేరు ఉంటే ఒక ఫోల్డరు, వేరేటోళ్ల పేరు ఉంటే ఇంకోటి. మామయ్య రైతులకు కొట్టిన బిల్లులు గూడ ఆ కుప్పల ఉంటయి. అవి గూడ ఇన్‌వాయిస్‌లే, కానీ ఆదాయం. అవి ఖర్చుల పడితే లెక్క తలకిందులైతది. పేరు సరిగ్గ కనబడకపోతే జీఎస్‌టీ నంబరు చూడు. తెలంగాణ నంబర్లన్నీ 36తోనే మొదలైతయి కాబట్టి మొదటి రెండంకెలు చాలవు, మొత్తం 15 పోల్చు.

రెండో విడతల ఇందాకటి నాలుగు రకాలుగ పంచు. ఏ దాంట్ల పడనివి కొన్ని మిగులుతయి. కొటేషను, ప్రొఫార్మా ఇన్‌వాయిస్, డెలివరీ చలాను, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు. ప్రొఫార్మాతోని పైలం. రేటు, పన్ను అన్నీ ఉండి అచ్చం బిల్లు లెక్కనే కనబడతది, కానీ అది ఇంత పడుతదని చెప్పే అంచనా మాత్రమే. స్క్రీన్‌షాట్ పైసలు పోయినయనడానికి సాక్ష్యమే గానీ ఎందుకు పోయినయో చెప్పదు. వీటికి వేరే ఫోల్డరు పెట్టు.

శ్రోత: ఒకే బిల్లు రెండు ఫొటోలల్ల ఉంది సార్. రంగు వేరేగ ఉంది.

సలహాదారు: సరుకు బిల్లు మూడు కాపీలు తీస్తరు. కొన్నోడికి ఒరిజినల్, బండోడికి డూప్లికేట్, అమ్మినోడికి ట్రిప్లికేట్. డీసీఎం డ్రైవర్ తన కాపీ గూడ మీ కౌంటర్ మీద పెట్టి పోయి ఉంటడు. నంబరు 0417 అయితే రెండూ ఒక్కటే. ఒరిజినల్ అని ఉన్నదే ఉంచు. అందుకే ఫైలు పేరుల బిల్లు నంబరు పెట్టుమంట. వాట్సాప్ పెట్టే పేరుల ఉండే తేదీ ఫొటో వచ్చిన రోజుది, బిల్లుది కాదు. కాగితం మీది తేదీ, రకం, నంబరు, మొత్తం, ఇట్ల:

```
IMG-20250703-WA0021.jpg
2025-06-12_BILL_0417_23600.jpg
```

పైది వాట్సాప్ ఇచ్చింది, కిందిది నువ్వు పెట్టాల్సింది. అట్ల పెడితే ఒకే బిల్లు రెండుసార్లు వచ్చినప్పుడు ఆ పేరుతోని ఫైలు ముందే ఉండి నీకే దొరుకుతది.

ఇగ స్టేట్‌మెంట్‌తోని పని అన్న గదా. చివరికి దాన్ని హాజరు పట్టీ లెక్క పట్టుకో. అందులోని ఒక్కో వరుస చదువుకుంట, ఆ బిల్లు ఫొటో ఉందా, ఆ రసీదు ఉందా అని టిక్కు పెట్టు. స్టేట్‌మెంట్‌ల ఉండి నీ దగ్గర ఫొటో లేకపోతే మామయ్యను అడుగు, ఆయన దగ్గరా లేకపోతే డీలర్‌కు ఫోన్ చేసి కాపీ తెప్పించు. నీ దగ్గర రసీదు ఉండి స్టేట్‌మెంట్‌ల ఆ పైసలు లేకపోతే మాత్రం ఆలస్యం చేయకు. ఇచ్చిన పైసలు ఆయన జమ చేసుకోలేదన్నట్టు.

శ్రోత: సార్... ఇప్పుడే ఇంకో డీలర్ స్టేట్‌మెంట్ చూస్తున్న. మోటర్లది. మామయ్య 8,000 ఇచ్చిన రసీదు నా దగ్గర ఉంది, ఇందుల లేదు.

సలహాదారు: రసీదు తేదీ ఎంత?

శ్రోత: జూన్ 30.

సలహాదారు: అయితే కంగారు పడకు. స్టేట్‌మెంట్ ముందే తీసి ఉంటరు, జూలై దాంట్ల వస్తదేమో చూడు. అందులో గూడ రాకపోతే రసీదు ఫొటో పంపి అడుగు.

వ్యాఖ్యాత: థాంక్స్ అమ్మా. జడ్చర్ల నుంచి ఇంకో కాల్ ఉంది. అన్నా, టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

శ్రోత (జడ్చర్ల): నాది చిన్న హోటల్ సార్. నూనె డబ్బాల బిల్లు మీదనే "నగదు ముట్టినది" అని ముద్ర ఉంది. బిల్లుల ఫోల్డరుల పెట్టాల్నా, రసీదులల్ల పెట్టాల్నా?

సలహాదారు: ఒకటే కాగితం రెండు పనులు చేస్తుందన్నట్టు. బిల్లులల్లనే పెట్టు, ఫైలు పేరు చివర నగదు అని రాయి. రెండు ఫోల్డర్లల్ల పెడితే మళ్ల దేవరకొండ లెక్కే అయితది. పెట్రోల్ బంకు చీటీ గూడ అంతే. కానీ ఆ బంకు చీటీలు నీ నూనె డబ్బాల బిల్లు లెక్క ఎక్కువ రోజులు ఆగవన్నా, ఎండకు, వేడికి అక్షరాలు మాసిపోతయి. వచ్చిన రోజే ఫొటో తీయి.

శ్రోత (జడ్చర్ల): మార్చిల చీటీలు ఇప్పటికే తెల్లగయినయి సార్.

సలహాదారు: కార్డుతోనో ఫోన్‌పేతోనో కట్టినవా?

శ్రోత (జడ్చర్ల): ఫోన్‌పేనే.

సలహాదారు: అయితే బ్యాంకు స్టేట్‌మెంట్‌ల తేదీ, మొత్తం దొరుకుతయి. వాటిని పట్టుకొని బంకుకు పోయి డూప్లికేట్ బిల్లు ఇస్తరేమో అడుగు. ఇయ్యకపోతే నీ వోచర్ పుస్తకంల రాసుకొని, ఆ తెల్ల చీటీని దానికే పిన్ను కొట్టు.