నెమలి పురి అదురు: ఆడనెమలి ముందు జరిగేది ఏమిటి?

సభకు నమస్కారం.

కడప జిల్లాలో నెమలిని కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. సిద్ధవటం దాటి లంకమల అంచు చేలల్లో ఉదయం పూట తిరిగేవారికీ, విత్తిన శెనక్కాయ గింజలకు కాపలా కాసే రైతులకూ అది తెలిసిన పక్షే. మగనెమలి పురి విప్పి నిలబడటం మీలో చాలామంది చూసే ఉంటారు. అయితే పురి విప్పాక ఆ పక్షి చేసే ఒక పనిని మనం అంతగా పట్టించుకోము. విప్పిన పింఛాన్ని అది సన్నగా, అతివేగంగా అదిలిస్తుంది. జతను ఆకర్షించడంలో ఆ అదురు చేసే పని గురించే ఈ రోజు మాట్లాడతాను.

ముందుగా ఏ ఈక ఎక్కడ ఉందో తెలియాలి. మనం తోక అని పిలిచే పింఛం నిజానికి నడుము మీద, తోక మొదలుకు పైన పుట్టే ఈకలు విపరీతంగా పొడవు పెరగడం వల్ల ఏర్పడింది. అసలు తోక దాని వెనుక ఉంటుంది. అందులో గోధుమ రంగులో ఉండే 20 పొట్టి, గట్టి ఈకలు ఉంటాయి. పురి విప్పినప్పుడు పింఛానికి ఊతమిచ్చేది ఈ తోకే. దాన్ని అదిలించేది కూడా ఇదే. తోక ఈకలు వేగంగా ఊగుతూ పింఛం ఈకల కాడలను మీటుతాయి. ఆ కదలిక పింఛమంతా పాకి, దగ్గర ఉన్నవారికి సన్నని గలగలగా వినిపిస్తుంది.

ఇప్పుడు వరస చూద్దాం. మగనెమలి తనకంటూ కొంత జాగా ఏర్పరచుకొని అక్కడే పురి విప్పుతుంది. ఆడనెమలి సమీపిస్తుంటే తరచుగా దానికి వీపు చూపిస్తూ నిలబడి, రెక్కల చివరలనున్న ఇటుక రంగు ఈకలను ఆడిస్తుంది. అది చూసి మగపక్షికి ఆసక్తి లేదనుకోవడం పొరపాటు. ఆడనెమలి బాగా దగ్గరకు వచ్చాక మగనెమలి చటుక్కున దానివైపు తిరిగి, పింఛాన్ని కొద్దిగా ముందుకు వంచి అదిలించడం మొదలుపెడుతుంది. ఈ దశలో మగనెమలి ఎటు తిరిగి నిలబడుతుందో పరిశోధకులు రాస్లిన్ డేకిన్, రాబర్ట్ మాంట్‌గొమరీ కొలిచి, 2009లో ప్రచురించారు. అది సూర్యుడికి దాదాపు 45 డిగ్రీల కోణంలో నిలబడి, ఆడనెమలి తనకు సరిగ్గా ఎదురుగా ఉండేలా చూసుకుంటుందని వారు గమనించారు. పింఛం కన్నులోని నీలి, ఆకుపచ్చ రంగులు వర్ణద్రవ్యం నుంచి నేరుగా వచ్చేవి కావు. ఈకలోని అతిసూక్ష్మమైన అమరిక మీద వెలుగు పడి తిరిగి వచ్చే తీరువల్ల ఏర్పడేవి. కాబట్టి వెలుగు ఏ కోణంలో పడుతుందన్నది ఆ పక్షికి చిన్న విషయం కాదు.

అదురు వేగం ఎంతో 2016లో డేకిన్, సుజాన్ కేన్, వారి సహచరులు వేగవంతమైన కెమెరాలతో చిత్రించి లెక్కగట్టారు. అది సగటున సెకనుకు 25 సార్లకు కాస్త ఎక్కువ. వారు చూసిన ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పింఛమంతా అలా కంపిస్తున్నా, కళ్లు మాత్రం దాదాపు ఉన్నచోటనే నిలిచినట్టు కనబడతాయి. వాటి చుట్టూ ఉన్న వదులైన ఈకపోగులే మెరుస్తూ ఊగుతాయి. ఇది ఎలా సాధ్యమని సూక్ష్మదర్శినిలో చూస్తే, కన్ను భాగంలోని పోగులు చిన్న చిన్న కొక్కేలతో ఒకదానికొకటి పెనవేసుకొని ఉన్నాయి. ఎగిరే రెక్క ఈకల్లో ఉండే కొక్కేలు కూడా ఇలాంటివే. ఆ పట్టు వల్ల కన్ను ఒకే ముక్కలా బిగువుగా ఉంటుంది. పట్టులేని అంచు పోగులు విడివిడిగా ఆడతాయి. కదిలే నేపథ్యం మీద కదలని గుర్తు కంటికి ప్రస్ఫుటంగా తోస్తుంది. నా దృష్టిలో ఈ ప్రదర్శన మొత్తంలో అత్యంత సున్నితమైన ఏర్పాటు ఇదే.

ఆ వేగాన్నే ఎంచుకోవడానికి భౌతిక కారణం ఉంది. ప్రతి వస్తువుకూ తేలికగా ఊగే ఒక సహజ వేగం ఉంటుంది. ఊయలను దాని లయకు తగ్గట్టు తోస్తే కొద్ది బలానికే పెద్ద ఊపు వచ్చినట్టు, పింఛం ఈకలను వాటి సహజ వేగానికి దగ్గరలో అదిలిస్తే తక్కువ శ్రమతో ఎక్కువ కదలిక వస్తుంది. ప్రయోగశాలలో ఈకల కాడలను కంపన యంత్రానికి బిగించి పరీక్షించినప్పుడు, నెమలి వాడే వేగం ఆ సహజ వేగాలకు దగ్గరగానే ఉందని తేలింది. అయినా అది తేలికైన పనేమీ కాదు. మీటరుకు మించిన పొడవుండే ఈకల గుంపును గాలిని తోసుకుంటూ ఆడించాలి.

ఇక ఆడనెమలి వైపు చూద్దాం. దాని తల మీద కూడా విసనకర్ర ఆకారంలో చిన్న తురాయి ఉంటుంది. కేన్, డేకిన్ బృందం 2018లో నెమళ్ల తురాయిలను కంపింపజేసి చూస్తే, వాటి సహజ వేగం కూడా మగనెమలి పింఛం అదిలించే వేగానికి సరిపోలింది. అదురు శబ్దాన్ని రికార్డు చేసి దగ్గరనుంచి వినిపించినప్పుడు కూడా తురాయి ఈకలు కొలవగలిగినంతగా కదిలాయి. అంటే ఆడనెమలి ఆ ప్రదర్శనను చూడటమే కాక, తల మీద స్పర్శగా కూడా అందుకునే వీలుంది. ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. పరీక్షించినవి పక్షి నుంచి విడిగా ఉన్న తురాయిలు. ఆ కంపనం ఆధారంగా ఆడనెమలి జతను ఎంచుకుంటుందని అనడానికి ఈ ప్రయోగం చాలదు.

ఆడనెమలి ఎక్కడ చూస్తుందో తెలుసుకోవడానికి జెస్సికా యోర్జిన్‌స్కీ బృందం దాని తలకు చిన్న కెమెరాలు అమర్చి, ఫలితాలను 2013లో ప్రచురించింది. ఆడనెమలి ఎక్కువసేపు పరిసరాలనే గమనిస్తోంది. మగనెమలి వైపు చూసినప్పుడు దాని చూపు పింఛం పైభాగం మీద కంటే కింది భాగం మీదే ఎక్కువగా నిలిచింది. మగనెమలి రెక్కలు ఆడించినప్పుడు, పింఛం అదిలించినప్పుడు మాత్రం దాని దృష్టి అటు మళ్లింది. కాబట్టి, పోయే చూపును పట్టి నిలపడం ఆ అదురుకున్న మొదటి పని అని చెప్పవచ్చు. నిలిచిన చూపుకు రంగు కనబడటం ఆ తరువాతి సంగతి. అదే ఏడాది డేకిన్, మాంట్‌గొమరీ పింఛం కళ్లను చిన్న స్టిక్కర్లతో కప్పి చూస్తే, ఆ మగనెమళ్లకు జత కుదరడం దాదాపు ఆగిపోయింది. కళ్ల సంఖ్య గురించి మాత్రం వాదం తేలలేదు. ఇంగ్లండులోని విప్‌స్నేడ్‌లో మారియన్ పెట్రీ ఎక్కువ కళ్లున్నవాటికే ఎక్కువ జతలని చెప్పగా, జపాన్‌లో ఏడేళ్లపాటు సాగిన పరిశీలన అలాంటి సంబంధమేదీ కనబడలేదని 2008లో ప్రకటించింది. సంఖ్యను ఒక్కదాన్నే కొలమానంగా తీసుకోవడం సరికాదని నేను భావిస్తాను.

మగనెమలి కన్నీటిని తాగి ఆడనెమలి గర్భం దాలుస్తుందని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. నెమళ్లు మిగతా పక్షుల్లాగే జతకడతాయి. పురి విప్పడం, అదిలించడం దాని కోసమే.

విద్యార్థులు ఈ అదురును తమ ఫోనుతోనే కొలవవచ్చు, అయితే ఒక చిక్కు ఉంది. మామూలు వీడియో సెకనుకు 30 చిత్రాలు తీస్తుంది. సెకనుకు 25 సార్లు అదిరే ఈక అందులో సెకనుకు 5 సార్లే ఊగుతున్నట్టు కనబడి మోసం చేస్తుంది. స్లో మోషన్‌లో సెకనుకు 240 చిత్రాల వేగం ఎంచుకొని, పింఛం అంచున ఒక పోగును గుర్తుపెట్టుకొని, అది అటు వెళ్లి ఇటు వచ్చేందుకు ఎన్ని చిత్రాలు పడుతుందో లెక్కపెట్టండి. పది ఊపులకు 94 చిత్రాలు పడితే, 2400ను 94తో భాగించగా సెకనుకు సుమారు 25.5 ఊపులు వస్తాయి. రెండో వీడియోలోనూ అదే పోగును చూసి సరిపోల్చాలి, ఎందుకంటే పక్షి ఒళ్లు కదిలితే లెక్క తప్పుతుంది. వానాకాలం ముగింపుకు వచ్చేసరికి పింఛం రాలిపోతుంది కాబట్టి అంతకు ముందే తీయాలి. జాతీయ పక్షి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని తరమకుండా, పిలుపు శబ్దాలు వినిపించి రప్పించకుండా, చేను గట్టు చాటున దూరంగా కూర్చొని తీస్తే చాలు.