"నేనే రాసేనండి" అంటే ఒప్పుకున్నట్టేనా?

శ్రోతలందరికీ నమస్కారమండి. మండపేట వైపు ఒక రైస్ మిల్లులో జరిగిన ఎంక్వైరీ గురించి చెప్తాను, అందులో మినిట్స్ రాసింది నేనే, మొదట తప్పుగా రాసిందీ నేనే.

కాటా దగ్గర పనిచేసే కుర్రాడికి ఛార్జిషీట్ ఇచ్చారు. ధాన్యం లారీ తూకం స్లిప్పులో నికర బరువు 10,400 కిలోలని వేశాడు, ఉండాల్సింది 10,250. తేడా 150 కిలోలు, అంటే మన 75 కిలోల లెక్కన రెండు బస్తాలు. ఆరోపణలు రెండు. లారీ పంపినవాళ్ళకి లాభం చెయ్యాలని కావాలనే ఎక్కువ రాశాడని ఒకటి, సూపర్‌వైజర్‌కి చెప్పకుండా చేతిరాత స్లిప్పు ఇచ్చాడని ఇంకోటి. విచారించడానికి ముగ్గురు కూర్చున్నారు, కుర్రాడి తరఫున మాట్లాడ్డానికి తోటి పనివాడు ఒకాయన వచ్చాడు.

ఛైర్మన్ గారు "ఈ స్లిప్పు రాసింది నువ్వేనా?" అనడిగారు. "నేనే రాసేనండి, కరెంట్ పోయింది, ప్రింటర్ ఆగిపోయింది, వెనకాల నాలుగు లారీలు హారన్ కొడతన్నాయండి, తీసివేతలో పొరపాటు పడ్డాను" అన్నాడు. నేను గబగబా ఏం రాశానంటే, "ఉద్యోగి తన తప్పును అంగీకరించాడు" అని.

చూడండి ఎంత పనైపోయిందో. ఆ కుర్రాడు ఒప్పుకుంది స్లిప్పు రాశానని, లెక్క తప్పిందని. ఛార్జిషీట్‌లో ఉన్నదేమో "కావాలని" అన్న మాట, దాన్ని అతను ఎక్కడా ఒప్పుకోలేదు. నా ఒక్క వాక్యం అలాగే ఉండి సంతకాలు పడిపోతే, తర్వాత ఫైలు చదివేవాళ్ళకి ఇంక విచారించడానికి ఏమీ మిగిలి ఉండదు. రాసింది పైకి చదవమని ఆ తోటి పనివాడు పట్టుబట్టాడు కాబట్టి బయటపడింది. ఆ వాక్యం మీద చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పక్కన అందరం పొట్టి సంతకాలు పెట్టి, కింద ప్రశ్న ప్రశ్నలా, జవాబు అతని మాటల్లోనే రాశాను. వైట్‌నర్ పూస్తే కింద ఏముందోనని రేపు ఎవరైనా అడుగుతారు, అందుకని గీతే కొట్టాలి.

సాక్ష్యం దగ్గర కూడా ఇదే జాగ్రత్త. ముందు మేనేజ్‌మెంట్ సాక్షి చెప్తాడు, అదీ ఆ ఉద్యోగి ఎదురుగా చెప్పాలి, తర్వాత అతని తరఫువాళ్ళు ఎదురు ప్రశ్నలు వేస్తారు. సూపర్‌వైజర్‌ని "స్లిప్పు రాసేటప్పుడు మీరు అక్కడున్నారా?" అంటే "లేనండి, గోడౌన్‌లో ఉన్నాను, సాయంత్రం రిజిస్టర్ చూస్తే తెలిసింది" అన్నాడు. ఇలాంటి చిన్న జవాబులే మినిట్స్‌లో జారిపోతాయి, ఎందుకంటే రాసేవాడు మామూలుగా కంపెనీ మనిషే. కానీ మొదటి ఆరోపణకి ఆ జవాబే ప్రాణం, కుర్రాడి ఉద్దేశం ఏంటో కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ లేరని తేలింది కదా.

కాగితాలకి నంబర్లు వేశాం. స్లిప్పు ఎం-1, తూకం రిజిస్టర్ ఎం-2, కుర్రాడి తరఫున చూపించిన జనరేటర్ రిజిస్టర్ డి-1. ఎవరిచ్చారు, ఒరిజినలా జెరాక్సా, అవతలివాళ్ళు చూశారా, అభ్యంతరం చెప్పారా, ఇవన్నీ అక్కడే రాయాలి. డి-1లో 3:10 నుంచి 4:20 దాకా కరెంట్ లేదని ఉంది, స్లిప్పు టైమేమో 3:40.

ఇక ఫలితం. "రుజువైంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చాలదండి, కారణం కావాలి. 1963లో సుర్ ఎనామెల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినవాటిలో ఇదీ ఉంది, విచారణాధికారి తను తేల్చింది కారణాలతో సహా రాయాలని. మావాళ్ళు ఇలా రాయించారు: స్లిప్పు మీద లోడు లారీ బరువు 15,480, ఖాళీ లారీ 5,230, రెండూ సరిగ్గానే ఉన్నాయి, తీసివేత ఒక్కటే తప్పు, దాచాలనుకున్నవాడు ఆ రెండు అంకెలూ కళ్ళెదురుగా వదలడు కాబట్టి మొదటి ఆరోపణ రుజువు కాలేదు. చేతిరాత స్లిప్పు మీద సూపర్‌వైజర్ సంతకం ఉండాలని కాటా గదిలో నోటీసు ఉంది, చెప్పలేదని అతనే అన్నాడు కాబట్టి రెండోది రుజువైంది. శిక్ష సంగతి ఇందులో రాయలేదు, అది మేనేజ్‌మెంట్ చెయ్యాల్సిన నిర్ణయం. విచారించినవాళ్ళు వేరు, శిక్ష వేసేవాళ్ళు వేరు అయినప్పుడు, శిక్షకి ముందే ఈ రిపోర్టు కాపీ ఉద్యోగికివ్వాలని 1993లో కరుణాకర్ కేసు తీర్పు ఉంది.

మొదటి ఆరోపణ మీద ముగ్గురిలో ఒకాయన ఒప్పుకోలేదు. ఆయన అభిప్రాయాన్ని నాలుగు లైన్లలో విడిగా రాయించి, ఆయన సంతకంతో జత చేశాం. మొదలైన టైము, ముగిసిన టైము, ఎవరెవరున్నారో రాసి, ప్రతి పేజీకీ "7లో 1, 7లో 2" అని నంబరేసి, మొత్తం తెలుగులో పైకి చదివాక అప్పుడు సంతకాలు తీసుకున్నాం. ఒకవేళ సంతకం పెట్టనంటే "చదివి వినిపించాం, పెట్టనన్నాడు, చెప్పిన కారణం ఇది" అని రాయాలంతే, దాన్ని తప్పు చేసినట్టు లెక్కేయకూడదు. ఈ కుర్రాడు పెట్టాడు. చివరి పేజీలో "నేను చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి, కాపీ అందింది" అని తన చేత్తో రాసి, కింద తేదీ వేశాడు.