"ఎర్రర్‌లోనే ఉంది కదా, చదువు" అన్నాక

అందరికీ నమస్కారం. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు చాట్‌లో అడిగాడనుకోండి: "అన్నా, పుష్ అవ్వట్లేదు. ఏం చెయ్యాలి?" కింద ఎర్రర్ కూడా పెట్టాడు.

```
! [rejected]  main -> main (fetch first)
```

మనం ఏదో పనిలో తలమునకలుగా ఉంటాం. "ఎర్రర్‌లోనే ఉంది కదా, చదువు" అని కొట్టేసి ఊరుకుంటాం. మనం అన్నది అబద్ధం కాదు, కారణం అందులోనే ఉంది. ఆ ముక్క అర్థం కాకే కదా అతను అడిగింది! ఇక మళ్లీ అడగడు. నెట్‌లో వెతుకుతాడు, ఎక్కడో `git push --force` కనబడుతుంది. కొడతాడు, పుష్ అయిపోతుంది. దాంతోపాటు, సర్వర్ ఆ కమాండ్‌ను అడ్డుకునేలా పెట్టుకోకపోతే, తోటివాళ్లు మెయిన్‌లో పెట్టిన కమిట్లు అక్కణ్నుంచి ఎగిరిపోతాయి. వాళ్ల మిషన్లలో కాపీలుంటాయి కాబట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ అందుకు కూర్చోవాల్సింది మళ్లీ మనమే.

అదే జవాబు ఇలా రాస్తే?

"నువ్వు చివరిసారి పుల్ చేశాక ఎవరో మెయిన్‌లో కొత్త కమిట్ పెట్టారు. అది నీ దగ్గర లేదు, అందుకే ఆపేసింది. ముందు `git pull --rebase`, ఆ తర్వాత `git push`. కాన్‌ఫ్లిక్ట్ అని వస్తే కంగారు పడకు, `git rebase --abort` కొడితే మొదటికొచ్చేస్తావు. అప్పుడు ఇక్కడ మెసేజ్ పెట్టు, నాలుగింటికి చూస్తా. `--force` మాత్రం వద్దు, వేరేవాళ్ల పని పోతుంది."

ఇందులో తియ్యటి మాటలేమీ లేవు చూడండి. కారణం ఒక్క ముక్కలో ఉంది. గిట్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పలేదు. అలా చెబితే మన టైమూ పోతుంది, అతనికి కావాల్సిన కమాండూ అందులో మునిగిపోతుంది. నా దృష్టిలో అసలు విలువ చివరి మూడు వాక్యాలదే. తేడా వస్తే ఎలా బయటపడాలో, మళ్లీ ఎప్పుడు అడగాలో, దేని జోలికి పోకూడదో కొత్తవాళ్లు ఎర్రర్ ఎన్నిసార్లు చదివినా తెలుసుకోలేరు. "నాలుగింటికి" అన్న మాట మనకూ పనికొస్తుంది. అప్పటిదాకా మన పని మనం చేసుకోవచ్చు.

ఇంకో మాట ఉంది, "అసలు ఏం ట్రై చేశావ్?" అని. మనకు కావాల్సింది వివరాలే, కానీ వినేవాడికి నిలదీసినట్టు ఉంటుంది. "ఏ కమాండ్ కొట్టావో, ఏం వచ్చిందో మొత్తం ఇక్కడ పేస్ట్ చెయ్యి" అనండి. సరిగ్గా అవే వివరాలు వస్తాయి, రెండోసారి అడగక్కర్లేదు.

జవాబు విడిగా కాకుండా టీమ్ ఛానెల్లోనే ఇస్తే, రేపు ఇంకొకరు అడిగినప్పుడు లింకు సరిపోతుంది. ఒట్టి లింకు పడేయకండి, "నీదీ ఇదే ఎర్రర్, రెండో పేరా చూడు" అని ఒక ముక్క జోడించండి. ఒకే మనిషి అదే ప్రశ్నతో మూడోసారి వచ్చాడంటే మాత్రం ఇక టైప్ చెయ్యకండి. కాల్‌లో స్క్రీన్ షేర్ చెయ్యమని, కమాండ్లు అతని చేతే కొట్టించండి. ఎక్కడ తడబడుతున్నాడో మీకే కనబడుతుంది.