ఆర్ఓ వేస్ట్ వాటర్: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండి. ఇదిగో ఈ సన్న పైపు చూడండి, మా ఆర్ఓ మెషిన్ నుంచి సింక్‌లోకి పోయే పైపు. ఆరు నెలల క్రితం దీన్ని తీసి బకెట్‌లో పెట్టాను. ఒక లీటరు మంచినీళ్లు పట్టేలోపు బకెట్‌లోకి దాదాపు రెండు లీటర్లు వచ్చాయి. మేం రోజుకి పదిహేను లీటర్లు పడతాం, అంటే ముప్పై లీటర్లు ఊరికే పోతున్నాయన్నమాట.

వాడే ముందు, నీళ్లలో ఉప్పు ఎంత కరిగి ఉందో చూపించే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. మా బోరు నీళ్లు 620, తాగే నీళ్లు 60, ఈ బకెట్‌లోవి 900. ఉప్పు ఎక్కడికీ పోదు కదా, తాగే నీళ్లలోంచి తీసేసిందంతా ఇందులోకే వస్తుంది. అందుకే వీటిని తాగడానికీ వంటకీ అస్సలు వాడొద్దు.

ఇల్లు తుడవడానికి ఒక బకెట్ సరిపోతుంది, ఫినాయిల్ ఎప్పటిలాగే కలుపుతాను. లేత రంగు టైల్స్ మీద ఏ తేడా లేదు, కానీ మా కిచెన్‌లో నల్ల గ్రానైట్ మీద ఆరగానే ఇలా తెల్లటి చారలు, దగ్గరికి చూపిస్తాను చూడండి. అక్కడ మాప్‌ని గట్టిగా పిండి తుడిస్తే చాలావరకు తగ్గాయి, ఎందుకంటే నేల మీద ఎంత తక్కువ నీళ్లు ఆరితే అంత తక్కువ ఉప్పు మిగులుతుంది. అద్దాలకీ, కారుకీ మాత్రం వద్దు, మచ్చలు పడతాయి. బాత్రూమ్ కడగడానికి, టాయిలెట్‌లో పోయడానికి నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇక మొక్కలు. నేను తప్పు చేసింది ఇక్కడే. మొదట్లో అన్నిటికీ ఇవే పోశాను. కాగితంపూలు, గన్నేరు, కలబంద బాగానే ఉన్నాయి, గులాబీకి మాత్రం నెల తిరిగేసరికి ఆకుల అంచులు గోధుమరంగులోకి మారి ఎండిపోయాయి. తెగులేమో అనుకుని మందు కొట్టాను, తర్వాత చూస్తే కుండీ మట్టి మీద, అంచు చుట్టూ సున్నంలా తెల్లటి పొర! నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు కుండీలోనే పేరుకుంటుంది. ఆ పొర గీకేసి, కింద చిల్లులోంచి బాగా కారేదాకా మామూలు నీళ్లు పోశాను, కొత్త చిగుళ్లు బాగా వచ్చాయి, మాడిన ఆకులు మాత్రం కోలుకోలేదు. ఇప్పుడు గట్టి మొక్కలకే పోస్తున్నాను, వాటికి కూడా రెండు వారాలకోసారి మామూలు నీళ్లతో అలా కడుగుతాను. చిల్లు లేని కుండీలో అసలు పోయకండి. మీ మీటర్‌లో 2000 దాటితే మొక్కల జోలికే వెళ్లొద్దు, బాత్రూమ్‌కి ఉంచుకోండి.

ఇంకోటి, ఆ పైపు మడత పడకూడదు, బకెట్ మెషిన్ కన్నా కిందే ఉండాలి. నీళ్లు బయటికి పోవడానికి అడ్డు తగిలితే లోపల నీళ్లని వడకట్టే మెంబ్రేన్ త్వరగా పాడవుతుంది. మీ ఇంట్లో మీటర్ ఎంత చూపించిందో కామెంట్‌లో పెట్టండి, ఏ మొక్కకి పోస్తున్నారో కూడా రాయండి.