మూడు కడ్డీలు, కొన్ని బిళ్లలు

శ్రోతలకు నమస్కారం. మూడు నిలువు కడ్డీలను ఊహించుకోండి: ఎడమది, మధ్యది, కుడిది. ఎడమ కడ్డీకి నడుమ చిల్లున్న బిళ్లలు దొంతరగా గుచ్చి ఉన్నాయి. అడుగున అన్నిటికంటే పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఈ దొంతర మొత్తాన్నీ కుడి కడ్డీకి చేర్చాలి. ఒకసారికి ఒక్క బిళ్లనే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. హనోయ్ టవర్ అనే ఈ ఆటను 1883లో ఎడ్వార్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త బయటికి తెచ్చాడు.

మూడు బిళ్లలతో ఆడదాం. చిన్నది కుడికి. నడిమిది మధ్యకు. చిన్నది మళ్లీ మధ్యకు, నడిమిదాని మీదకి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఎడమన పెద్దది ఒంటరిగా ఉంది, కుడి కడ్డీ ఖాళీగా ఉంది, మిగతా రెండూ మధ్య కడ్డీ మీద ఉన్నాయి. ఇప్పుడు పెద్దది కుడికి. తర్వాత చిన్నది ఎడమకు, నడిమిది కుడికి, చిన్నది కుడికి. మొత్తం ఏడు ఎత్తులు.

మనం ఆగిన ఆ క్షణంలోనే లెక్కంతా ఉంది. పెద్దది కదలడానికి ముందు, పైనున్న రెండింటినీ పక్కకు చేర్చడానికి మూడు ఎత్తులు పట్టాయి. పెద్దదానికి ఒకటి. ఆ రెండింటినీ దాని మీదకు తేవడానికి మళ్లీ మూడు. మూడు, ఒకటి, మూడు. నాలుగు బిళ్లలైతే? పై మూడింటికి ఏడు, పెద్దదానికి ఒకటి, మళ్లీ ఏడు, మొత్తం పదిహేను. అంటే ముందు లెక్కను రెట్టింపు చేసి ఒకటి కలపడమే. n బిళ్లలకు కావలసిన కనీస ఎత్తులను T(n) అంటే, T(n) = 2T(n-1) + 1. దీన్నే పునరావృత సంబంధం అంటారు.

చదువుకునే రోజుల్లో నేను ఇంతవరకు రాసి, లెక్క అయిపోయిందనుకున్నాను. మా మాస్టారు కాగితం చూసి ఒకే మాట అడిగారు: "ఇన్నిటితో అవుతుందని చూపించావు. ఇంతకంటే తక్కువలో కాదని ఎక్కడ చూపించావు?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నాకెంతో ఇష్టం. ఎందుకంటే ఒక పద్ధతి దొరికినంత మాత్రాన అదే అన్నిటికంటే పొట్టి దారి అని తేలదు.

జవాబు మళ్లీ ఆ పెద్ద బిళ్ల దగ్గరే ఉంది. ఎవరు ఎలా ఆడినా అది ఎడమ నుంచి ఒక్కసారైనా కదలక తప్పదు. మొదటిసారి కదిలే క్షణంలో దాని మీద ఏమీ ఉండకూడదు, అది వెళ్లే కడ్డీ మీదా ఏమీ ఉండకూడదు. అంటే మిగతా బిళ్లలన్నీ మూడో కడ్డీ మీదే ఉండాలి. వాటిని అక్కడికి చేర్చడానికి కనీసం T(n-1) ఎత్తులు. పెద్దది చివరిసారి కదిలి కుడి కడ్డీ మీద కూర్చున్నప్పుడు కూడా అంతే, మిగతావన్నీ ఒకే కడ్డీ మీద ఉంటాయి. అక్కడి నుంచి కుడికి తేవడానికి ఇంకో T(n-1). నడుమ పెద్దదానికి కనీసం ఒకటి. కాబట్టి తక్కువలో కుదరదు, ఎవరికీ కుదరదు.

ఇక సూత్రం. ఒకటి, రెండు, మూడు, నాలుగు బిళ్లలకు వరుసగా ఎత్తులు 1, 3, 7, 15. ప్రతి అంకెకూ ఒకటి కలపండి: 2, 4, 8, 16. రెట్టింపు అవుతూ పోతున్నాయి. అందుకే T(n) = 2^n - 1 అని ఊహిస్తాం. ఊహ చాలదు, గణితానుగమనంతో రుజువు చేయాలి, అంటే మొదటిదానికి నిజమని, ఒకదానికి నిజమైతే తర్వాతిదానికీ నిజమని చూపాలి. ఒక బిళ్లకు 2 - 1, అంటే 1. సరిపోయింది. n-1 బిళ్లలకు 2^(n-1) - 1 నిజమైతే, రెట్టింపు చేస్తే 2^n - 2, ఒకటి కలిపితే 2^n - 1. అంతే, రుజువైంది. 64 బిళ్లలను సెకనుకొకటి చొప్పున కదిపితే దాదాపు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది.

ఆట చేతికొస్తే ఎక్కువమంది తడబడేది మొదటి ఎత్తు దగ్గరే. మూడు బిళ్లల ఆటలో చిన్నదాన్ని మొదట మధ్యకు పెట్టారనుకోండి. ఇంకో రెండు ఎత్తుల తర్వాత కుడి కడ్డీ మీదే చిన్నవి రెండూ చేరతాయి, పెద్దదానికి మధ్య కడ్డీ తప్ప దారి ఉండదు. మొదటి ఎత్తు ఎటో ఇలా తెలుసుకోండి: పెద్దది కుడికి పోవాలి, దాని పైది మధ్యకు, దాని పైది కుడికి, అలా మార్చి మార్చి పైదాకా చెప్పుకుంటూ రండి. బిళ్లలు బేసి సంఖ్యలో ఉంటే చిన్నది కుడికి, సరి సంఖ్యలో ఉంటే మధ్యకు. ఐదు బిళ్లలతో మొదలుపెట్టేవారు చిన్నదాన్ని కుడికే పెట్టండి. తప్పు లేకుండా ఆడితే 31 ఎత్తులు.