మనల్ని గ్రూపులో ఎవరు చేర్చాలో మనమే చెప్పుకోవచ్చు
(హన్మకొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం.

కాజీపేటలో ఉండే మన సభ్యులొకరు ఈ మధ్య నాకు ఫోన్ చేశారు. "తమ్మీ, పొద్దున లేచి చూస్తే వాట్సాప్‌ల ఏదో షేర్ల గ్రూపులో ఉన్న. తొంభై మందికి పైనే ఉన్నరు, ఒక్కరూ తెలిసినోళ్లు కాదు" అన్నారు. మధ్యాహ్నానికి ఆ గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు మొదలయ్యాయట. ఒకరు లాభం వచ్చిందని పెడితే, పది మంది "సార్‌కు ధన్యవాదాలు" అనడం. ఇలాంటి గ్రూపుల్లో ఆ పది మందీ చాలాసార్లు ఒకే ముఠా వాళ్లే. కాసేపటికి ఒక యాప్ లింకు వస్తుంది, డబ్బు పోయేది అక్కడ. ఆయన లింకు ముట్టుకోలేదు కాబట్టి టెన్షన్ తప్ప నష్టం లేదు.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అసలైనది: "నన్ను అడగకుండా ఎట్ల చేర్చిన్రు?"

మనం మార్చుకోకపోతే వాట్సాప్‌లో మన నంబరు తెలిసిన ఎవరైనా మనల్ని గ్రూపులో చేర్చేయొచ్చు. దీన్ని ఆపుకునే వీలు 2019లో వచ్చింది. కానీ దాని జోలికి పోనివాళ్లే ఎక్కువ. ఫోన్లు తీయండి, ఇప్పుడే చూద్దాం. వాట్సాప్‌లో Settings, అందులో Privacy, కొంచెం కిందికి జరిపితే Groups. నొక్కితే మూడు కనిపిస్తాయి: Everyone, My contacts, My contacts except... ఫోను తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇవే తెలుగులో ఉంటాయి. మొదటిదాని దగ్గర చుక్క ఉందంటే తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే.

ఆయన చేత My contacts పెట్టించాను. ఇక్కడ చాలామంది పొరబడతారు. అవతలివాడు మన నంబరు దాచుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. మనం మన ఫోనులో ఎవరి నంబరు దాచుకున్నామో వాళ్లే చేర్చగలరు. మనకు తెలియనివాడు మన నంబరు వంద చోట్ల రాసి పెట్టుకున్నా ఇక లాభం లేదు.

అయినా వారం తిరక్కముందే ఆయన మరో గ్రూపులో తేలారు. ఈసారి ప్లాట్ల వెంచర్. చేర్చింది ఎవరా అని చూస్తే, ఎప్పుడో ఒకసారి స్థలం చూపించిన బ్రోకర్. పేరుతో సహా ఫోనులో ఉన్నాడు. మనకు అలవాటే కదా, గ్యాస్ తెచ్చే అబ్బాయి, ఏసీ మెకానిక్, చిట్టీల ఏజెంటు, ఒక్కసారి మాట్లాడిన ప్రతివారినీ సేవ్ చేస్తాం. వాట్సాప్‌కు వాళ్లూ మన అల్లుడూ ఒకటే.

అందుకే మూడోది వాడమంటాను. My contacts except... నొక్కితే మన నంబర్ల జాబితా వస్తుంది. టిక్ పెట్టినవాళ్లు మనల్ని చేర్చలేరు. అందరినీ ఒకేసారి ఎంచుకునే గుర్తు కూడా అక్కడే ఉంటుంది. అది నొక్కి సరే అంటే ఎవరూ నేరుగా చేర్చలేరు. ఒక్క చిక్కుంది. ఆ తర్వాత కొత్తగా సేవ్ చేసిన నంబరుకు టిక్ దానంతటదే పడదు. మళ్లీ వెళ్లి పెట్టుకోవాలి.

మరి మనవరాలి పుట్టినరోజు గ్రూపు సంగతేంటని అడుగుతారు. చేర్చబోయినవాళ్లకు కుదరదని చెప్పి, ఆహ్వానం పంపుతారా అని వాట్సాపే అడుగుతుంది. వాళ్లు పంపితే అది మనకు విడిగా మెసేజ్‌గా వస్తుంది. చూసి నచ్చితేనే చేరతాం. పట్టించుకోకపోతే మూడు రోజులకు దాని గడువు తీరిపోతుంది. పెళ్లి పత్రిక చేతికిచ్చి పిలిచినట్టన్నమాట, చెయ్యి పట్టి పందిట్లోకి లాక్కుపోవడం కాదు.

ఈ సెట్టింగు చేయలేనివీ ఉన్నాయి. ఇప్పటికే ఉన్న గ్రూపుల నుంచి మనల్ని అది బయటికి తీయదు. ఎవరో పంపిన లింకు మనమే నొక్కి చేరితే ఆపదు. తెలిసినవాళ్ల ఖాతా దొంగల చేతిలో పడితే ఆహ్వానం వాళ్ల పేరుతోనే రావచ్చు. కాబట్టి గ్రూపు పేరు కొత్తగా అనిపిస్తే, పంపినవారికి మామూలు ఫోన్ చేసి అడగండి.

తెలియని గ్రూపులో పడ్డామని తెలిస్తే, ముందు చేర్చిన నంబరు కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత రిపోర్ట్ చేసి బయటికి రండి. బయటికి వచ్చినట్టు నోటిఫికేషన్ ఇప్పుడు అడ్మిన్లకు మాత్రమే వెళ్తుంది కాబట్టి మొహమాటం అక్కర్లేదు. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. టెలిగ్రామ్ వాడేవాళ్లకు దాని Privacy and Securityలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది.

చివరగా, మన సంఘం గ్రూపు చూసే సార్‌కు ఒక మాట. ఇవాళ్టి నుంచి సభ్యుల్లో సగం మంది మిమ్మల్ని కూడా ఆపేస్తారు సార్! కొత్త గ్రూపు పెట్టినప్పుడు ఎవరినైనా చేర్చలేమని వస్తే కోపం తెచ్చుకోకుండా ఆహ్వానం పంపండి. మూడు రోజుల్లో చేరకపోతే ఫోన్ చేసి ఇంకోసారి పంపండి.