1931లో ఒక పడవ ప్రయాణం: పాతకాలపు డైలాగు ఎక్కడ దొరికిపోతుంది?

(తెర మీద: యెదుర్లంక రేవు. ఎదురుగా యానాం. మధ్యలో వంతెన.)

నమస్కారమండి. నా వెనక కనిపిస్తున్నది గౌతమి. ఇవతల యెదుర్లంక, అవతల యానాం. మధ్యలో ఉన్న ఈ వంతెన 2002లో వచ్చింది. నేను రాస్తున్న నాటకంలో ఒక కుటుంబం 1931లో ఇక్కడే ఏరు దాటుతుంది. కాబట్టి కెమెరా ఇటు తిప్పకూడదు. అలాంటి తప్పు ఎవరికైనా కనిపిస్తుంది, సరిచేయడమూ తేలికే. ఇవాళ చెప్పబోయేది కంటికి కనిపించని తప్పుల గురించి.

ముందు కథ. శారదా చట్టం 1929లో పాసై, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14 ఏళ్లు, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే నేరం. కానీ అది బ్రిటిషు ఇండియా చట్టం, యానాం అప్పుడు ఫ్రెంచివాళ్లది. అందుకే చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసేవారు. యానాంకి కల్యాణపురం అని పేరు రావడానికి కారణం ఇదే.

నా సీనులో కోనసీమ తండ్రి ఒకాయన పదకొండేళ్ల కూతురి పెళ్లి గురించి తన తల్లితో మాట్లాడతాడు. మొదట ఇలా రాశాను.

(తెర మీద: మొదటి ప్రతి)

తండ్రి: "అమ్మా, ప్రభుత్వం బాల్యవివాహాలను నిషేధించింది. ఇక్కడ చేస్తే పోలీసులు వచ్చి ఆపేస్తారు, న్యాయస్థానంలో శిక్ష పడుతుంది. అందుకే యానాం వెళ్లాలని నిర్ణయం తీసుకున్నాను."
తల్లి: "పిల్ల అభిప్రాయం తెలుసుకున్నావా?"
తండ్రి: "ఫిబ్రవరిలో ముహూర్తం ఉంది. పడవవాడికి యాభై పైసలు ఇస్తే ఐదు నిమిషాల్లో దాటిస్తాడు."

ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ఇంగ్లీషు మాటలు దాదాపు లేవు. రాసినప్పుడు నేనూ మురిసిపోయాను. తర్వాత ఒక్కో మాటా పట్టుకుని చూస్తే, ఇందులో 1931 ఎక్కడా లేదు.

"న్యాయస్థానం" సంగతే చూద్దాం. పాతకాలం అనగానే మనం ఇంగ్లీషు ముక్కల్ని ఏరిపారేసి, ఆ ఖాళీల్లో సంస్కృతం నింపుతాం. కానీ 1931 నాటికి డెల్టా రైతుకి కోర్టు, ప్లీడరు, కలెక్టరు, రిజిస్ట్రీ, టిక్కెట్టు బాగా అలవాటైన మాటలు. కాలవ తగాదాకీ గట్టు తగాదాకీ కోర్టుకెక్కిన మనుషులు వాళ్లు. "న్యాయవాది" అంటే వాళ్ల చెవికి పత్రిక చదువుతున్నట్టే ఉంటుంది. "ప్లీడరుగారు" అంటే ఇంట్లో మాట. అంటే ఇంగ్లీషు మాట ఉండటం తప్పు కాదు. ఏ ఇంగ్లీషు మాట అనేది చూసుకోవాలి. "టెన్షన్" అప్పుడు లేదు, దాని చోట కంగారు, గాబరా ఉన్నాయి. "మైనరు" మాత్రం ఉంది. ఆస్తి చేతికి రాని జమీందారు పిల్లల్ని కోర్టు మాటల్లో అలా అనేవారు. జల్సాగా తిరిగే కుర్రాణ్ణి మన గోదావరివాళ్లు "మైనరు బాబు" అనడం ఆ తోవలో వచ్చిందే.

కాబట్టి నాకు దొరికిన అసలు దొంగ ఇంగ్లీషు కాదు, కొత్త తెలుగు. "నిర్ణయం తీసుకున్నాను" చూడండి. రెండు మాటలూ తెలుగే, కూర్పు మాత్రం ఇంగ్లీషుది. నా చెవికి అది వార్తల తెలుగు. ఆ తండ్రి "యానాం పోదామనుకుంటున్నా" అంటాడు. లేదా అదీ అనకుండా బండి కట్టిస్తాడు. "బాల్యవివాహం" సంఘసంస్కర్తల మాట. ఆ పని చేసేవాడికి అది వట్టి పెళ్లి. తను చేసే పనికి తనని తప్పుపట్టేవాళ్లు పెట్టిన పేరు ఎవడూ వాడుకోడు. "అభిప్రాయం తెలుసుకున్నావా" అయితే పచ్చిగా మన కాలపు ప్రశ్న. ఆ ముసలావిడ నోట నేను మాట్లాడుతున్నాను.

(తెర మీద: పాత పత్రికల కట్ట)

మరి ఆ కాలపు మాట ఎక్కడ వెతకాలి? అందరూ ముందు పాత పత్రికలు తిరగేస్తారు. ఆంధ్రపత్రిక 1914 నుంచి దినపత్రికగా వచ్చింది కాబట్టి 1931కి సరిపోతుంది. కానీ జాగ్రత్త. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోరాడారంటేనే, అచ్చులో ఉన్నది నోట్లో ఉన్నది కాదని అర్థం. వార్తలోని వాక్యాన్ని ఎత్తి డైలాగులో పెడితే పాత్ర ఉపన్యాసం ఇస్తుంది. నేను పత్రికలో ప్రకటనలే ఎక్కువ చూస్తాను. ఏ వస్తువు అమ్ముడుపోతోంది, దాన్ని ఏమని పిలుస్తున్నారు, ధర అణాల్లో ఎంత అన్నది అక్కడ తేలుతుంది.

ఇంట్లో పాత దస్తావేజులుంటే ఇంకా మంచిది. కొలతలకీ, గట్ల పేర్లకీ, డబ్బు లెక్కకీ వాటిని నమ్మొచ్చు, మాట తీరుకి మాత్రం నమ్మకూడదు. సేద్యం మాటలకి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఉంది. అందులో ఏ మాట ఏ ప్రాంతానిదో ఉంటుంది, అదే దాని విలువ. బ్రౌను నిఘంటువు 1852 నాటిది. అందులో మాట ఉంటే పాతదని ధైర్యం. 1931లో వాడారా అన్నది అది చెప్పదు. ఉదాహరణకి పాత తెలుగులో ఫ్రెంచివాళ్లని పరాసులు అనేవారు. ఆ మాట మీద నాకు మోజు పుట్టింది. కానీ 1931లో యానాం పక్క ఊరివాడితో పలికిస్తే మాట మరీ ముసలిదైపోతుందనిపించి, "ఫ్రెంచివాళ్లు" అనే ఉంచాను.

ఊళ్లో పెద్దల్ని అడగడం మంచిదే. అయితే ఇవాళ ఎనభై అయిదేళ్లావిడకి 1931 తెలియదు, అప్పటికి పుట్టలేదు. ఆవిడని "అప్పట్లో ఎలా మాట్లాడేవారు" అని అడిగితే సినిమా తెలుగు చెబుతుంది. "మీ మామ్మగారు మిమ్మల్ని ఏమని తిట్టేవారు" అని అడిగితే అసలు సరుకు బయటికొస్తుంది.

(తెర మీద: పెళ్లి పందిరి, అడ్డంగా ఎర్ర గీత)

ఇప్పుడు పెద్ద తప్పు. "పోలీసులు వచ్చి ఆపేస్తారు." పందిట్లోకి పోలీసులు దూసుకొచ్చి "ఆపండి" అనడం మనకి అలవాటైన దృశ్యం. చట్టం అసలు పాఠం తీసి చదివితే, 1931లో అది కుదరదు. ఎవరో ఒకరు మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేస్తేనే కేసు, అదీ పెళ్లైన ఏడాది లోపల. పెళ్లి జరగకుండా ఆపే ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకి 1938 సవరణతో గానీ రాలేదు. దోషి అని తేలితే నెల దాకా సాదా ఖైదు, 1,000 రూపాయల దాకా జరిమానా. ఆడవాళ్లకి ఖైదు లేదు. అన్నిటికన్నా నాకు నచ్చినదేమిటంటే, ఫిర్యాదు చేసేవాడు 100 రూపాయలకి మించకుండా జామీను రాసివ్వాలి.

అంటే ఆ తండ్రి భయం పోలీసు కాదు. తన మీద కక్షతో వంద రూపాయల జామీనుకైనా వెనకాడని మనిషి. మన ఊళ్లల్లో అలాంటివాడు ఎవడవుతాడు? దాయాది. ఈ ఒక్క వివరంతో నా కథలో లేని పాత్ర పుట్టుకొచ్చింది.

డబ్బు, కాలం సంగతి త్వరగా చెప్పేస్తాను. రూపాయికి వంద పైసలు 1957 ఏప్రిల్ 1 నుంచే. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకి నాలుగు పైసలు, అంటే రూపాయికి 64. కాబట్టి "యాభై పైసలు" ఎవరి నోటా రాదు. బేడ అంటే రెండణాలు, పావలా నాలుగు, ముప్పావలా పన్నెండు. ఇక ఫిబ్రవరి అన్న మాట కోర్టు కాగితం మీద ఉంటుంది, పెళ్లి మాటల్లో ఉండదు. అది ప్రమోదూత నామ సంవత్సరం, మాఘమాసం.

మాఘం అనుకున్నాక పొలం కూడా మారిపోయింది. మా కెమెరా కుర్రాడికి పచ్చటి వరి కావాలి. కానీ మాఘానికి సార్వా కోసి నూర్చేస్తారు. కనిపించేవి గడ్డిమేట్లు, మోళ్లు, మధ్యలో పిల్లిపెసర. వేరే సీనులో వరి చూపించాల్సి వచ్చినా చిక్కే. ఇవాళ్టి వరి పొట్టి. ఐఆర్ 8 వచ్చింది 1966లో, స్వర్ణ 1982లో. అంతకుముందువి పొడుగు రకాలు, గాలికి పడిపోయేవి. మోకాలెత్తు చేలో నిలబడి 1931 అంటే, తెలిసిన రైతు నవ్వుతాడు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎటూ కనపడకూడదు. వేసవి సీనులో పెద్ద కాలవలో పడవ నడిపించినా తప్పే, మరమ్మతులకి కాలవలు కట్టేసే రోజులవి.

రైలు గురించి ఒక్క మాట. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను పడింది, యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, మళ్లీ 2004లో వచ్చింది. 1931లో కోటిపల్లిలో రైలు కూత వినిపిస్తే ఒప్పు, 1943లో వినిపిస్తే తప్పు. అలాగే 1910 కథలో నరసాపురం కృష్ణా జిల్లాలో ఉండాలి. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో.

(తెర మీద: రెండో ప్రతి)

తండ్రి: "మనింటి ముందు పందిరి పడితే ఆ దాయాది ఊరుకుంటాడా అమ్మా? వందకి జామీను రాసైనా కోర్టుకెక్కుతాడు. రేవు దాటామా, అది ఫ్రెంచివాళ్ల ఊరు."
తల్లి: "లగ్నం ఎప్పుడన్నారు సిద్ధాంతిగారు?"
తండ్రి: "మాఘ బహుళంలో. పొద్దుగూకేలోగా యెదుర్లంక చేరితే తెల్లారగట్ల మొదటి పడవకి దాటొచ్చు."
తల్లి: "పిల్లతో చెప్పావా?"
తండ్రి: "చెప్పేదేముంది. పట్టుపరికిణీ కొంటే తనే ఎక్కి కూర్చుంటుంది."

"అభిప్రాయం" అడిగిన చోట పరికిణీ వచ్చింది. ఆ పిల్ల తర్వాత మొండికేస్తుంది. అప్పుడు కూడా "నా ఇష్టం లేకుండా" అనదు, "నేను రాను, మామ్మ దగ్గరుంటా" అంటుంది.

పడవవాడి దగ్గర నేను ఇంకా ఇబ్బంది పడుతున్నాను. అతను ఆ తండ్రిని "బాబుగారూ, తమరు" అంటాడు. తండ్రి, వయసులో చిన్నవాడైనా, అతన్ని "ఏరా" అంటాడు. ఇవాళ వినడానికి బాగోదు. నటులు ఇద్దరూ "మీరు" అనేసుకుందామన్నారు. ఒప్పుకోలేదు. ఎవరు ఎవర్ని ఏమనాలన్నదే ఆ పడవలో ఉన్న ఊరు, దాన్ని చదును చేస్తే మిగిలేది వేషాలే. ప్రతి మాటకీ "ఆయ్" తగిలిస్తే గోదావరి వచ్చేస్తుందనుకోవడం కూడా అలాంటిదే. అది పెద్దవాళ్లకీ పైవాళ్లకీ చెప్పే ఔను. తండ్రి పడవవాడికి "ఆయ్" అనడు.

ఆఖరికి దర్శకుడు ఒక మాటన్నాడు, "ముప్పావలా అంటే కుర్రాళ్లకి ఎవరికి అర్థమవుతుందండి?" నిజమే. అడుగున అర్థం వేద్దామన్నారు, నాకు నచ్చలేదు. బేరం పెట్టాను. పడవవాడు ముప్పావలా అంటాడు, తండ్రి అర్ధరూపాయి అంటాడు. ముసలావిడ కొంగుముడి విప్పి, రెండు పావలాలు తీసి పడవ అంచు మీద పెట్టి, మూడోది మళ్లీ ముడేసుకుంటుంది.

(తెర మీద: కొంగుముడి. గడ నీళ్లలో దిగిన చప్పుడు.)